ధవళేశ్వరం పుస్తకం: నోట్స్ ఎక్కడ పెట్టాలి, గ్రంథసూచి ఎలా కట్టాలి

జూన్ 4

ధవళేశ్వరం ఆనకట్ట మీద రాస్తున్న పుస్తకం రాతప్రతి ఒక కొలిక్కి వచ్చింది. 1847లో పని మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట కథను మామూలు పాఠకుడు ఆపకుండా చదివేలా రాయాలని ముందే అనుకున్నాను. ఇది పరిశోధన గ్రంథం కాదు. అలాగని ఆధారం చూపకుండా వదిలేయడానికి మనసొప్పదు. కాటన్ దొర గురించి గోదావరి జిల్లాల్లో చెప్పుకునే మాటల్లో రికార్డులకెక్కినవి ఉన్నాయి, నోటి మాటగా వచ్చినవీ ఉన్నాయి. ఏది ఏదో పాఠకుడు తనంతట తాను చూసుకోగలగాలి.

డ్రాఫ్టులో ఇంతవరకూ ప్రతి వాక్యం పక్కనా చదరపు బ్రాకెట్లో పుస్తకం పేరు, పేజీ నంబరు రాసుకుంటూ వచ్చాను. అవి అచ్చులో ఎక్కడ ఉండాలో ఇప్పుడు తేల్చాలి. వాక్యంలోనే బ్రాకెట్లో పెట్టొచ్చు, పేజీ అడుగున ఫుట్‌నోట్‌గా పెట్టొచ్చు, పుస్తకం చివర ఎండ్‌నోట్స్‌గా పెట్టొచ్చు. ఊహించి తేల్చే వ్యవహారం కాదు కనుక రెండో అధ్యాయంలో ఒక పేరా తీసుకుని డెమ్మీ 1/8 సైజు పేజీ మీద మూడు రకాలుగానూ కూర్చి చూశాను. ఆ పేరాలో ఆనకట్ట నాలుగు భాగాలుగా, అంటే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీద ఎలా లేచిందో ఉంది. దానికి ముందు, జిల్లా ఎందుకు చితికిపోయిందో విచారించమని ప్రభుత్వం పంపిన మాంట్‌గోమరీ 1844లో ఇచ్చిన నివేదిక ప్రస్తావన ఉంది. మొత్తం నాలుగు ఆధారాలు.

జూన్ 6

బ్రాకెట్ల పద్ధతి మొదటి చూపులోనే తేలిపోయింది. గోదావరి జిల్లా గెజెటీర్ రాసిన హెమింగ్‌వేను చూపిస్తూ "(హెమింగ్‌వే 1915, పు. ఇంత)" అని వాక్యం మధ్యలో వస్తే ఇంగ్లీషులో కన్ను దాటుకుని పోతుందేమో గానీ, తెలుగులో పోదు. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. కర్త చెప్పాక పాఠకుడు క్రియ కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. సరిగ్గా ఆ మధ్యలో ఒక పేరు, ఒక సంవత్సరం, ఒక పేజీ నంబరు వచ్చి నిలబడతాయి. పైగా విభక్తి ఎక్కడ తగిలించాలో తెలియదు. "హెమింగ్‌వే (1915)లో" అని రాస్తే చదవడానికే ఎబ్బెట్టుగా ఉంది. బ్రాకెట్‌ను పూర్ణవిరామానికి ముందుకు జరిపితే కొంత నయం. కానీ ఒకే వాక్యంలో రెండు విషయాలకు రెండు ఆధారాలుంటే ఏది దేనికో తెలియదు.

ఈ పద్ధతికి ఒక గుణం ఉంది. రచయిత, సంవత్సరం చూడగానే "ఇది 1878 నాటి మాటా, 1996 నాటి మాటా" అని అక్కడికక్కడే తెలిసిపోతుంది. వాదోపవాదాలు నడిచే సామాజిక శాస్త్ర వ్యాసాల్లో అది కావాలి. కథలా నడిచే పుస్తకంలో, ఆ సంవత్సరం నిజంగా ముఖ్యమైన చోట, దాన్ని వాక్యంలోనే మాటలతో చెప్పేస్తే సరిపోతుంది: "ఆనకట్ట పూర్తయిన పాతికేళ్లకు, 1878లో, హెన్రీ మోరిస్ ఈ జిల్లా మీద ఒక పుస్తకం అచ్చువేశాడు." ఇక బ్రాకెట్ అక్కర్లేదు.

ఫుట్‌నోట్ చూడ్డానికి ముచ్చటగానే ఉంది. సందేహం వస్తే కన్ను కిందికి దించితే చాలు. ఇబ్బందల్లా స్థలంతోనే. తెలుగు అక్షరానికి పైన గుణింతం, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి టైపు ఎంత చిన్నది చేసినా వరసల మధ్య ఎడం తగ్గించలేం. తగ్గిస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. మామూలు టైపు 12 పాయింట్లు ఉంటే ఫుట్‌నోట్ 9 పాయింట్లకు దిగినా, నాలుగు ఆధారాలున్న నా పేజీలో అడుగున ఏడు వరసలు పోయాయి. ముప్పై వరసల పేజీలో దాదాపు నాలుగో వంతు అది. అలాంటి పేజీలు వరసగా నాలుగు వస్తే చూసినవాళ్లు "ఇది థీసిస్" అని పక్కన పెడతారు.

జూన్ 9

డీటీపీ చేసే అమ్మాయితో మాట్లాడాను. ఆమె పేజ్‌మేకర్‌లో చేస్తుంది, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో. "ఫుట్‌నోట్లు మాత్రం వద్దండీ. దీంట్లో వాటంతట అవి కిందికి రావు, ప్రతి పేజీలో విడిగా బాక్స్ పెట్టి చేత్తో కూర్చాలి. ప్రూఫులో మీరు ఒక్క వాక్యం కలిపితే నంబరు పక్క పేజీలోకి పోతుంది, నోటు మాత్రం ఇక్కడే ఉండిపోతుంది" అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఇన్‌డిజైన్‌లో అయితే ఫుట్‌నోట్ నంబరుతో పాటే కదులుతుంది. పేజ్‌మేకర్‌లో ఆ సదుపాయమే లేదు.

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది, నాకు తోచనిది. వర్డ్‌లో పెట్టిన ఎండ్‌నోట్ నంబర్లు యూనికోడ్ నుంచి పాత ఫాంటుకు మార్చే కన్వర్టర్‌లో నిలవవట. పైన చిన్నగా ఉండాల్సిన 14 మామూలు 14గా మారి మాట పక్కనే కూర్చుంటుంది. "1852లో పూర్తయింది14" అని ఉంటే పట్టుకోవచ్చు. "మొత్తం 18" పక్కన నోటు నంబరు 5 వస్తే అది 185 అవుతుంది. ప్రూఫు చూసేవాళ్లకు అది తప్పని తట్టే అవకాశం కూడా లేదు. చరిత్ర పుస్తకానికి ఇంతకంటే ప్రమాదం ఉండదు.

అందుకని కన్వర్టర్‌కు ఇచ్చే ప్రతిలో నోటు నంబర్లను మామూలు అక్షరాలుగానే, పొరబడే వీలు లేని గుర్తులో పెడుతున్నాను:

```
ఆనకట్ట 1852లో పూర్తయింది.##2-14##
```

రెండో అధ్యాయం, పద్నాలుగో నోటు అని అర్థం. పేజీల కూర్పు అయ్యాక ఆమె `##` కోసం వెతుక్కుంటూ వెళ్లి ఒక్కొక్కదాన్నీ పై నంబరుగా మారుస్తుంది. చివర్లో `##` కోసం ఒకసారి వెతికి ఏమీ దొరకకపోతే పని అయిపోయినట్టే. ముందుగా ఒక అధ్యాయంలో కొంత భాగం మార్పించి చూశాను. గుర్తులు చెదరకుండా వచ్చాయి.

జూన్ 11

నిర్ణయం: ఆధారాలన్నీ పుస్తకం చివర ఎండ్‌నోట్స్‌గా. వివరణ మాత్రం పేజీ అడుగున, నక్షత్రం గుర్తుతో.

ఈ రెండింటినీ విడదీయడమే అసలు సంగతి అనిపిస్తోంది. "పుట్టి" అంటే ఎంత ధాన్యం, "తాసీల్దారు" అప్పట్లో ఏం చేసేవాడు అన్న ప్రశ్న పాఠకుడికి ఆ వాక్యం దగ్గరే వస్తుంది, జవాబూ అక్కడే కావాలి. ఫలానా మాట ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందన్నది పదిమందిలో ఒకరికి కావాలి. ఆ ఒకరు చివరి పేజీలు తిప్పడానికి వెనకాడరు. పదిమందినీ ప్రతిసారీ చివరికి పంపి, అక్కడ ఒట్టి పేజీ నంబరు చూపిస్తే, మూడోసారి నుంచి ఎవరూ వెళ్లరు. అప్పుడు అక్కడ దాచిన మంచి వివరణలు కూడా పోతాయి. నక్షత్రం నోట్లు అధ్యాయానికి రెండు మూడు మించవు కనుక డీటీపీకీ భారం కాదు.

నంబర్లు అసలే లేకుండా, చివర్లో పేజీ నంబరూ వాక్యంలోని నాలుగు మాటలూ ఇచ్చి వాటి పక్కన ఆధారం చూపే పద్ధతి కూడా ఉంది. జనరంజకంగా రాసే ఇంగ్లీషు చరిత్ర పుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది. పేజీ శుభ్రంగా ఉంటుంది. కానీ పేజీ నంబర్లు ఖాయమయ్యేదాకా ఆ పని మొదలుపెట్టలేం. ఖాయమయ్యాక ఒక పేరా తీసేస్తే అన్నీ మళ్లీ చూడాలి. ఈ-బుక్ తీస్తే అక్కడ పేజీలకు అర్థమే లేదు. అన్నిటికంటే, ఈ వాక్యానికి ఆధారం ఉందో లేదో చదువుతున్నప్పుడు తెలియదు. నాకు నంబర్లే నయం.

నంబర్లు ప్రతి అధ్యాయానికీ మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. నోట్స్ పేజీల పైభాగంలో అధ్యాయం పేరుతో పాటు "45 నుంచి 62 పేజీల నోట్స్" అని అచ్చువేయిస్తున్నాను. ఇది లేకపోతే, 51వ పేజీ చదువుతున్నవాడు తను ఎన్నో అధ్యాయంలో ఉన్నాడో ముందుకు వెళ్లి చూసుకుని, మళ్లీ వెనక్కి వచ్చి ఆ అధ్యాయం నోట్స్ వెతుక్కోవాలి. ఈ ఒక్క వరస ఖర్చు లేనిది, మన పుస్తకాల్లో మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

జూన్ 15

పేరాకు ఒకే నోటు పెడుతున్నాను, పేరా చివర. నాలుగు నంబర్ల బదులు ఒకటి. అయితే నాలుగు పుస్తకాల పేర్లు కుప్పగా పోస్తే ఏ మాట ఎక్కడిదో తెలియదు. అందుకని నోటులో ముందు విషయం, తర్వాత ఆధారం:

```
నాలుగు భాగాలు, పని మొదలు: వాల్చ్ 1896.
మాంట్‌గోమరీ విచారణ: మాంట్‌గోమరీ నివేదిక, 1844; హెమింగ్‌వే 1915 ద్వారా.
కాటన్ ఆరోగ్యం, కుటుంబం: హోప్ 1900.
```

పేజీ నంబర్లు ప్రతి ఆధారం పక్కనా వస్తాయి, ఇక్కడ రూపం మాత్రమే చూపిస్తున్నాను. రెండో వరసలో "ద్వారా" అన్న మాట కోసం చాలాసేపు ఆలోచించాను. మాంట్‌గోమరీ నివేదికను నేను చూడలేదు. దాని గురించి గెజెటీర్‌లో చదివాను. ఒట్టి "మాంట్‌గోమరీ నివేదిక, 1844" అని రాస్తే నేనే రికార్డు తెరిచి చూశానని పాఠకుడు అనుకుంటాడు. మధ్యలో గెజెటీర్ రాసినవాడు కుదించి ఉంటే ఆ కుదింపు నా నెత్తిన పడుతుంది. "ద్వారా" ఉంటే దారి స్పష్టంగా ఉంటుంది.

"పైదే" అన్న మాట మాత్రం పుస్తకమంతా వెతికి తీసేశాను. తెలుగు పరిశోధన గ్రంథాల్లో అది అలవాటు. ఇంగ్లీషువాళ్ల "ఇబిడ్" లాంటిదే. నోటు 7లో హోప్ ఉండి, 8లో "పైదే" ఉందనుకోండి. రేపు ఆ రెండింటి మధ్య ఒక పేరా చేరితే, దాని నోటు 8 అవుతుంది, "పైదే" 9కి జరుగుతుంది. ఇప్పుడది హోప్‌ను కాదు, కొత్త పుస్తకాన్ని చూపిస్తుంది. చూడ్డానికి ఏ తేడా ఉండదు, ఆధారం మాత్రం తప్పు. ఇంగ్లీషు ప్రచురణలకు నియమాలు చెప్పే షికాగో మాన్యువల్ కూడా 2017 నాటి పదిహేడో ముద్రణ నుంచి దీని బదులు పొట్టి పేరునే మళ్లీ రాయమంటోంది. ఎలాగూ "హోప్ 1900" కంటే "పైదే" ఆదా చేసేది నాలుగైదు అక్షరాలే.

జూన్ 20

గ్రంథసూచి మొదలైంది. నోట్స్‌లో ఉండే పొట్టి పేరే దీనికి తాళంచెవి. "హెమింగ్‌వే 1915" అని నోటులో చూసినవాడికి గ్రంథసూచిలో అదే రూపంలో, అదే లిపిలో, అదే వరసలో దొరకాలి. ఇక్కడే మన పుస్తకాలకు ఇంగ్లీషు పుస్తకాలకు లేని చిక్కు. నోట్స్ తెలుగులో, ఆధార గ్రంథాల్లో సగం ఇంగ్లీషులో. సాధారణంగా రెండు జాబితాలు వేస్తారు. అప్పుడు నోటులో తెలుగులో చదివిన పేరును పాఠకుడు ఇంగ్లీషు జాబితాలో స్పెల్లింగ్ ఊహించుకుంటూ వెతకాలి. వాల్చ్‌ను ఏ అక్షరం కింద వెతకాలో తెలిసినవాళ్లు ఎంతమంది?

కాబట్టి జాబితా ఒకటే, తెలుగు అకారాది క్రమంలో. ప్రతి పద్దులో ముందు తెలుగులో పొట్టి పేరు, ఆ తర్వాత పుస్తకం వివరాలు అది అచ్చయిన భాషలో:

```
హెమింగ్‌వే 1915: Hemingway, F. R. Godavari. Madras District
  Gazetteers. Madras: Government Press, 1915 (తొలి ముద్రణ 1907).
హోప్ 1900: Hope, Lady. General Sir Arthur Cotton, R.E., K.C.S.I.:
  His Life and Work. London: Hodder and Stoughton, 1900.
```

ఇందులో కొన్ని నిర్ణయాలున్నాయి. గెజెటీర్ తొలిసారి 1907లో వచ్చినా నా చేతిలో ఉన్నది 1915 ముద్రణ. నేను ఇచ్చే పేజీ నంబర్లు దానివే. పొట్టి పేరులో ఎప్పుడూ చేతిలో ఉన్న ప్రతి సంవత్సరమే రావాలి, తొలి సంవత్సరం బ్రాకెట్లోకి పోవాలి. నగరం పేరు టైటిల్ పేజీ మీద ఉన్నట్టే మద్రాసు, చెన్నై కాదు. మోరిస్ పుస్తకం పేరులో గోదావరి స్పెల్లింగ్ `Godavery` అని ఉంది. దాన్ని దిద్దకూడదు. దిద్దితే లైబ్రరీ కేటలాగులో ఆ పుస్తకం దొరకదు.

స్కాన్ చేసిన పీడీఎఫ్ చదివేవాళ్లకు ఒక హెచ్చరిక. తెర మీద కంప్యూటర్ చూపే పేజీ నంబరు వేరు, కాగితం మీద అచ్చయిన నంబరు వేరు. అట్ట, ముందుమాట, విషయసూచిక కలిపి పది నుంచి ఇరవై పేజీల తేడా వస్తుంది. నోటులో అచ్చు నంబరే ఉండాలి.

జూన్ 24

పేర్లు. గ్రంథసూచి కూర్చే జొటెరో ప్రోగ్రాంలో అన్నీ ఎక్కించాను. ఇంగ్లీషు పేర్లతో తంటా లేదు. తెలుగు పేర్లను మాత్రం అది తలకిందులు చేస్తుంది. రచయిత గడిలో ఇంటిపేరుకు ఒకటి, అసలు పేరుకు ఒకటి రెండు భాగాలుంటాయి. బయటి కేటలాగుల నుంచి తెచ్చుకుంటే "కందుకూరి వీరేశలింగం"లో చివరి మాటను ఇంటిపేరనుకుని "వీరేశలింగం, కందుకూరి" అని కూరుస్తుంది. మనకు ఇంటిపేరు ముందే ఉంది, తిప్పాల్సిన పనీ లేదు, కామా అవసరమూ లేదు. జొటెరోలో ఆ గడి పక్కన ఉన్న చిన్న బొమ్మ నొక్కితే రెండు గడులూ ఒక్కటవుతాయి. అందులో పేరు మొత్తం రాస్తే ఉన్నదున్నట్టు వస్తుంది. ప్రతి తెలుగు రచయితకూ అలా చేశాను.

ఒకే మనిషి ఒక పుస్తకం మీద ఇంటిపేరుతో, ఇంకో పుస్తకం మీద ఇంగ్లీషు పొడి అక్షరాలతో కనిపిస్తాడు. అలాంటి చోట తెలుగువాళ్లకు తెలిసిన పూర్తి పేరు కిందే రెండూ పెట్టి, పొడి అక్షరాల రూపం దగ్గర "చూ." అని దారి చూపించాను.

అకారాది క్రమాన్ని కంప్యూటర్‌కు వదిలేయకూడదు. యూనికోడ్ సంఖ్యల వరసలో ళ అక్షరం ల తర్వాత, వ కంటే ముందు ఉంటుంది. బడిలో నేర్చుకున్న వరసలో య ర ల వ శ ష స హ ళ. అందుకని ఉత్త సంఖ్యల వరసన పేర్చితే "కాళ"తో మొదలయ్యే పేరు "కావ"తో మొదలయ్యేదానికంటే ముందుకు వస్తుంది. క్ష, ఱ విషయంలోనూ చూసుకోవాలి. జాబితా పెద్దది కాదు కనుక చివర్లో చేత్తో సరిచేశాను.

జూన్ 27

ఒక పాత తెలుగు చిన్న పుస్తకం రోజంతా తినేసింది. టైటిల్ పేజీ మీద ఇంగ్లీషు సంవత్సరం లేదు, "నందన సంవత్సరము" అని మాత్రమే ఉంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది. డొక్కల కరువు వచ్చిన నందన 1832-33. ఆ తర్వాత 1892-93, ఆపైన 1952-53. మొదటిది కుదరదు, పుస్తకంలో ఆనకట్ట గురించే ఉంది. మిగిలిన రెండింటిలో ఏది? ధర అణాల్లో ఉంది కానీ అది తేల్చదు, నయాపైసలు వచ్చింది 1957లో కాబట్టి 1952లోనూ అణాలే. చివరికి లోపలి మాటే తేల్చింది. కాటన్‌ను బతికున్న మనిషిగా చెప్పాడు రచయిత. కాటన్ పోయింది 1899లో. కాబట్టి 1892-93. గ్రంథసూచిలో చదరపు బ్రాకెట్లో [1892-93] అని వేశాను, దాని ముందు "నందన" అలాగే ఉంచాను. సంవత్సరాది చైత్రంలో కనుక రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుంది, ఒకటే రాయడం సరికాదు. చదరపు బ్రాకెట్ అంటే అది పుస్తకం మీద లేదు, నేను లెక్కగట్టింది అని.

జూలై 2

గోదావరి స్నాన సంకల్పంలో కాటన్‌ను భగీరథుడిగా తలచుకునే శ్లోకం ఒకటుంది. రేవులో పురోహితుడి నోట విన్నాను. దీన్ని గ్రంథసూచిలో పెట్టకూడదు, అక్కడ పాఠకుడు వెళ్లి తెరిచి చూసుకోగలిగినవే ఉండాలి. నోటులో మాత్రం ఎవరి దగ్గర, ఏ రేవులో, ఏ తేదీన విన్నానో రాశాను, ఆయన అనుమతితో. లాకుల దగ్గర పనిచేసిన పెద్దవాళ్లతో మాట్లాడినవీ ఇలాగే. రికార్డాఫీసు కాగితాలకు ఇంకో తీరు. ఒక్కో ఉత్తర్వు నంబరు, తేదీ, శాఖ నోటులోనే ఉంటాయి. గ్రంథసూచిలో ఆ రికార్డుల వరస పేరు, అవి ఉన్న ఆర్కైవ్స్ పేరు ఒక్కసారే వస్తాయి. ఒక్కో కాగితాన్నీ పద్దుగా వేస్తే జాబితా మూడింతలై, పుస్తకాలు అందులో కలిసిపోతాయి.

జూలై 7

ప్రచురణకర్త లెక్క ఫారాల్లో ఉంటుంది. 16 పేజీల ఫారం చొప్పున పుస్తకం 15 ఫారాలు, 240 పేజీలు. అసలు కథ 218 పేజీలకు వచ్చింది. అంటే నోట్స్, గ్రంథసూచి కలిపి 22 పేజీల్లో ఇమడాలి, దాటితే ఇంకో ఫారం. మొదట పూర్తి వివరాలతో రాసిన నోట్స్ ఒక్కటే ఆ 22నీ మించాయి. పొట్టి పేర్లకు మార్చాక నోట్స్ 14 పేజీలు, గ్రంథసూచి 7. ఒక పేజీ మిగిలింది.

ఇప్పుడు రెండు వైపుల నుంచీ తనిఖీ జరుగుతోంది. నోట్స్‌లోని పొట్టి పేర్లన్నీ ఒక కాగితం మీదికి తీసి, ఒక్కొక్కటీ గ్రంథసూచిలో ఉందా అని చూశాను. "హెమింగ్‌వే", "హేమింగ్‌వే" అని రెండు రూపాలు బయటపడ్డాయి, మొదటిదే ఉంచాను. తర్వాత గ్రంథసూచి నుంచి వెనక్కి చూస్తే, ఏ నోటులోనూ రాని పుస్తకాలు కొన్ని కనిపించాయి. చదివాను కానీ వాటి మీద ఏ వాక్యమూ ఆనుకుని లేదు. వాటిని అక్కడే ఉంచితే ఈ పుస్తకం వాటి ఆధారంగా రాసిందన్న అర్థం వస్తుంది. కొన్నిటిని తీసేశాను. పాఠకుడికి నిజంగా పనికొచ్చేవాటిని, ఒక్కోదానికి ఒక వాక్యం పరిచయంతో, ఆ మిగిలిన పేజీలో "ఇంకా చదవదగినవి" కింద వేశాను.

రేపు జొటెరోలో `Unlink Citations` నొక్కి, లంకెలన్నీ మామూలు అక్షరాలుగా మారిన ప్రతిని డీటీపీకి ఇస్తున్నాను. లంకెలున్న ప్రతి విడిగా నా దగ్గరే ఉంటుంది. రెండో ముద్రణలో మార్పులు చేయాల్సింది దాంట్లోనే.